గెయిన్ ఎనిమిది రెట్లు పెంచినా సెట్లింగ్ టైమ్ తగ్గట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

చక్రి_ల్యాబ్

అందరికీ నమస్కారం. నా దగ్గర చిన్న డీసీ మోటార్ పొజిషన్ కంట్రోల్ సెటప్ ఉంది. గేర్‌బాక్స్ ఉన్న మోటార్, దాని షాఫ్ట్‌కి పొటెన్షియోమీటర్, మైక్రోకంట్రోలర్, 12 వోల్ట్ల డ్రైవర్. కంట్రోలర్‌లో ఉన్నది ప్రపోర్షనల్ గెయిన్ ఒక్కటే. కోరిన కోణంలోంచి ఉన్న కోణాన్ని తీసేసి గెయిన్‌తో గుణించి మోటార్‌కి ఇస్తున్నాను.

మోటార్‌కి నేరుగా 12 వోల్ట్‌లు ఇచ్చి చూస్తే 0.1 సెకన్లలో తుది వేగంలో 63 శాతానికి చేరుతోంది. అంటే టైమ్ కాన్‌స్టంట్ 0.1 సెకను. దాన్నిబట్టి క్లోజ్‌డ్ లూప్ సమీకరణం `s² + 10s + 10K = 0` అని రాసుకున్నాను. మోటార్ గెయిన్ కూడా ఆ K లోనే కలిపేశాను.

10 డిగ్రీల స్టెప్ ఇచ్చి మూడు గెయిన్‌ల దగ్గర కొలిచాను. సెట్లింగ్‌కి 2 శాతం బ్యాండ్, రైజ్ టైమ్‌కి 10 నుంచి 90 శాతం తీసుకున్నాను.

K = 5 దగ్గర రైజ్ టైమ్ 0.29, ఓవర్‌షూట్ 6 శాతం, సెట్లింగ్ 0.86 సెకన్లు.
K = 10 దగ్గర రైజ్ టైమ్ 0.16, ఓవర్‌షూట్ 21 శాతం, సెట్లింగ్ 0.85.
K = 40 దగ్గర రైజ్ టైమ్ 0.06, ఓవర్‌షూట్ 62 శాతం, సెట్లింగ్ 1.3.

గెయిన్ పెంచితే మోటార్ చురుగ్గా కదులుతోంది, అది కంటికే కనిపిస్తోంది. కానీ వచ్చి నిలబడటానికి పట్టే సమయం మాత్రం తగ్గలేదు, చివరికి పెరిగింది కూడా. నాకు 0.4 సెకన్లలో సెటిల్ కావాలి, ఓవర్‌షూట్ 5 శాతం దాటకూడదు. గెయిన్ ఎంత పెట్టాలి?

---

వేగం99

బ్రో, సెట్లింగ్ టైమ్ అంటే `4/(ζωn)`. K పెంచితే ωn పెరుగుతుంది, కింద ఉన్నది పెరిగితే సెట్లింగ్ తగ్గాలి. K = 40 దగ్గర ωn = 20 వస్తుంది, K = 5 దగ్గర 7 మాత్రమే. దాదాపు మూడు రెట్ల తేడా. కాబట్టి నీ కొలతల్లోనే ఏదో పొరపాటుంది. శాంప్లింగ్ రేట్ ఎంత? ఒకసారి అది చూసుకో.

---

మూలాలు_చూడు

వేగం99 గారు చెప్పిన సూత్రం సరైనదే, కానీ అందులో సగం మాత్రమే కదిపారు. కింద ఉన్నది ωn ఒక్కటే కాదు, ζ తో దాని లబ్ధం. K పెరిగితే ωn ఎంత పెరుగుతుందో ζ సరిగ్గా అంతే తగ్గుతుంది.

చక్రి గారి సమీకరణంలోనే చూడండి. `s² + 10s + 10K` ని `s² + 2ζωn s + ωn²` పక్కన పెట్టండి. మధ్యలో ఉన్న 10 అనేదే `2ζωn`. అంటే `ζωn = 5`. అక్కడ K ఎక్కడుంది? లేదు. K ని ఐదు చేసినా, ఐదొందలు చేసినా ఆ లబ్ధం 5 దగ్గరే ఉంటుంది. అందుకే సెట్లింగ్ సుమారు `4/5 = 0.8` సెకన్ల దగ్గర పాతుకుపోయింది.

పోల్స్ గీసి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. K = 2.5 దగ్గర రెండు పోల్స్ −5 మీద కలుస్తాయి. అక్కడి నుంచి K పెంచుతుంటే ఒకటి నిట్టనిలువుగా పైకి, ఒకటి కిందికి పోతాయి. ఎడమకి మాత్రం ఒక్క అడుగు కూడా జరగవు. ఊగుడు ఎంత త్వరగా చచ్చిపోతుందో చెప్పేది ఎడమ వైపు దూరం. ఎంత వేగంగా ఊగుతుందో చెప్పేది ఎత్తు. మీరు పెంచుతున్నది ఎత్తు, మీకు కావలసింది ఎడమ దూరం.

ఓవర్‌షూట్ ఎందుకు పెరిగిందో కూడా ఇందులోనే ఉంది. ఒక అర ఊగుడు పూర్తయ్యేలోపు అది ఎంత తగ్గగలదన్నదే ఓవర్‌షూట్. తగ్గే రేటు అదే 5 గా ఉండి, ఊగుడు మాత్రం వేగం పుంజుకుంటే, ప్రతి అర ఊగుడులో తగ్గడానికి దొరికే సమయం కుంచించుకుపోతుంది. K = 10 దగ్గర ζ = 0.5, కాబట్టి ఓవర్‌షూట్ 16 శాతం. K = 40 దగ్గర ζ = 0.25, ఓవర్‌షూట్ 44 శాతం.

కాబట్టి చక్రి గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబు: గెయిన్ ఒక్కదానితో 0.4 సెకన్లు రాదు. ఏ విలువ పెట్టినా రాదు.

---

వేగం99

సరే, లబ్ధం సంగతి నేను చూడలేదు, ఒప్పుకుంటాను. కానీ మీ లెక్క ప్రకారం కూడా K = 40 దగ్గర 0.8 రావాలి. అతనికి 1.3 వచ్చింది. ఓవర్‌షూట్ 44 రావాల్సిన చోట 62 వచ్చింది. అంటే కొలతలో ఏదో తేడా ఉందన్న నా మాట ఇంకా నిలబడే ఉంది.

---

మూలాలు_చూడు

ఆ మాట నిలబడుతుంది, నాకూ అక్కడే ఆగాలనిపించింది. అయితే అది కొలత తప్పు కాకపోవచ్చు. మూడు చోట్లా తేడా ఒకే వైపు ఉంది, గెయిన్ పెరిగే కొద్దీ పెరుగుతోంది. 4.3 బదులు 6, 16 బదులు 21, 44 బదులు 62. కొలతలో పొరపాటు ఇంత క్రమంగా ఉండదు. లూప్‌లో మీరు సమీకరణంలో రాయనిది ఏదో ఒక ఆలస్యం ఉన్నట్టుంది.

చక్రి గారూ, పొటెన్షియోమీటర్‌కీ మైక్రోకంట్రోలర్‌కీ మధ్య ఏముంది?

---

తూకం

నా సమస్యా ఇలాంటిదే అనిపించి మధ్యలో వస్తున్నాను. లోడ్ సెల్ మీద నిలబెట్టిన తూకం ప్లాట్‌ఫారమ్‌లతో పని నాది. బరువు పెట్టగానే రీడింగ్ కిందికీ పైకీ ఊగుతుంది, నిలబడే దాకా ఆగాలి. అది త్వరగా నిలబడాలని ఒకసారి ఇంకా గట్టి లోడ్ సెల్ వేశాం. ఊగుడు సన్నగా, వేగంగా మారింది, కానీ నిలబడే సమయం అంగుళం కూడా కదల్లేదు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. మీ గెయిన్‌కీ నా స్ప్రింగ్‌కీ సంబంధం ఉందా, లేక నేను వేరే విషయం మాట్లాడుతున్నానా?

---

మూలాలు_చూడు

అచ్చంగా ఇదే విషయం. మీ ప్లాట్‌ఫారమ్‌లో బరువు m, స్ప్రింగ్ గట్టితనం k, డ్యాంపింగ్ c అనుకుంటే ఊగుడు తగ్గే రేటు `c/(2m)`. అందులో k లేదు. మీరు గట్టి లోడ్ సెల్ వేసినప్పుడు పెంచింది k. చక్రి గారు గెయిన్ పెంచినప్పుడు పెంచింది కూడా అలాంటి స్ప్రింగ్‌నే, కాకపోతే అది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్ప్రింగ్. కోరిన కోణానికీ ఉన్న కోణానికీ మధ్య కట్టినట్టు లాగుతుంది. స్ప్రింగ్ శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది తప్ప ఖర్చు చేయదు. ఊగుడు ఆగాలంటే శక్తి ఖర్చు కావాలి.

ఇంకో మాట. మీ దగ్గర వస్తువు బరువే m లోకి వస్తుంది కాబట్టి, ఎక్కువ బరువు పెట్టినప్పుడు నిలబడటానికి ఇంకా ఎక్కువ సమయం పట్టి ఉండాలి. పట్టేదా?

---

తూకం

పట్టేది. రెట్టింపు బరువు పెడితే దాదాపు రెట్టింపు సమయం. అది స్ప్రింగ్ అలసిపోవడం వల్ల అనుకునేవాళ్లం. తర్వాత ఆయిల్ డ్యాంపర్ పెట్టాక బాగుపడింది, కారణం మాత్రం ఇవాళే తెలిసింది.

---

చక్రి_ల్యాబ్

మూలాలు గారూ, మధ్యలో ఒక ఆర్‌సీ ఫిల్టర్ ఉంది. పాట్ సిగ్నల్‌లో మోటార్ బ్రష్‌ల నాయిస్ వస్తుంటే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. టైమ్ కాన్‌స్టంట్ 10 మిల్లీసెకన్లే వస్తుంది. మోటార్‌ది 100 మిల్లీసెకన్లు కదా, పదో వంతే అని లెక్కలోకి తీసుకోలేదు.

---

మూలాలు_చూడు

దొరికింది. పదో వంతు అనేది వినడానికి చిన్నదిగానే ఉంటుంది. కానీ దాన్ని పోల్చాల్సింది మోటార్ టైమ్ కాన్‌స్టంట్‌తో కాదు, క్లోజ్‌డ్ లూప్ ఊగే వేగంతో. K = 40 దగ్గర లూప్ సెకనుకి సుమారు 20 రేడియన్ల చొప్పున ఊగుతోంది. 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే అక్కడ 0.2 రేడియన్, దాదాపు 11 డిగ్రీల ఫేజ్ పోయినట్టు. ఆ గెయిన్ దగ్గర మీకు మిగిలి ఉన్న ఫేజ్ మార్జిన్ సుమారు 28 డిగ్రీలే. అందులోంచి 11 పోతే ఏం మిగులుతుంది?

ఫిల్టర్‌ని కూడా కలిపి రాస్తే సమీకరణం మూడో ఆర్డర్ అవుతుంది. మీరే వేసి చూడండి:

```python
import numpy as np
for K in (5, 10, 40):
    print(K, np.roots([0.01, 1.1, 10, 10*K]))
```

K = 40 కి ఒక పోల్ −104 దగ్గర వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అసలు జంట −2.96 ± 19.4j దగ్గర ఉంటుంది. −5 మీద ఉండాల్సినవి కుడి వైపుకి జరిగిపోయాయి. ωn 20 నుంచి 19.6 కి వచ్చింది, అంటే అది దాదాపు కదల్లేదు. ζ మాత్రం 0.25 నుంచి 0.15 కి పడిపోయింది. దాని ఓవర్‌షూట్ లెక్క 62 శాతం. సెట్లింగ్ `4/2.96`, అంటే 1.35. మీరు కొలిచింది 1.3. మీ కొలతలు చాలా బాగున్నాయండీ.

ఇలాంటి చోట గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. రైజ్ టైమ్ లెక్కకి సరిగ్గా వచ్చి, ఓవర్‌షూట్ మాత్రం లెక్కని మించితే లూప్‌లో దాగిన ఆలస్యం కోసం వెతకాలి. రైజ్ టైమ్‌ని ప్రధానంగా నడిపేది ωn, ఆలస్యం దాన్ని పెద్దగా ముట్టుకోదు. దెబ్బంతా ζ మీదే పడుతుంది.

---

సంధ్య_ఫైనలియర్

అన్నా, ఒక చిన్న డౌట్. మాకు క్లాసులో రైజ్ టైమ్ `(π − φ)/ωd` అని చెప్పారు, φ అంటే cos φ = ζ అయ్యే కోణం. దాంతో K = 10 కి వేస్తే 0.24 వస్తోంది. చక్రి అన్నకి 0.16 వచ్చింది. ఇది కూడా ఫిల్టర్ వల్లేనా?

---

తంత్రి

కాదమ్మా, ఆ సూత్రం సున్నా నుంచి 100 శాతానికి మొదటిసారి తాకే సమయానికి. చక్రి కొలిచింది 10 నుంచి 90 వరకు. మొదటి 10 శాతం నెమ్మదిగా కదులుతుంది, అది పోయాక సమయం తగ్గుతుంది. పరీక్షలో నిర్వచనం చూసుకుని రాయి. ల్యాబ్‌లో 10–90 వాడతారు, ఎందుకంటే నాయిస్ ఉన్నప్పుడు సున్నా దగ్గర ఎప్పుడు కదలిక మొదలైందో చెప్పడం కష్టం.

---

చక్రి_ల్యాబ్

ఫిల్టర్ కెపాసిటర్ తీసి 0.1 మైక్రోఫారడ్ పెట్టాను. K = 40 దగ్గర ఓవర్‌షూట్ 62 నుంచి 46 కి వచ్చింది! నేను ఇంత తేడా ఊహించలేదు. బ్రష్ నాయిస్ మాత్రం మళ్లీ కనబడుతోంది.

ఇంకో వింత కూడా చూశాను. ఫిల్టర్ మార్చక ముందు అదే K = 40 తో 90 డిగ్రీల స్టెప్ ఇచ్చి చూశాను. ఓవర్‌షూట్ 22 శాతమే వచ్చింది. 10 డిగ్రీలకి 62, 90 డిగ్రీలకి 22. రైజ్ టైమ్ 0.06 నుంచి 0.17 కి పెరిగింది.

---

వేగం99

ఇంకేం, పెద్ద స్టెప్‌కి డ్యాంపింగ్ బాగుందన్నమాట. నీకు నిజంగా కావలసింది పెద్ద కదలికలే అయితే K = 40 తోనే ఉండిపోవచ్చు కదా.

---

మూలాలు_చూడు

అది డ్యాంపింగ్ కాదండీ, మోటార్ 12 వోల్ట్ల గోడకి తగిలింది. 10 డిగ్రీల ఎర్రర్‌కి K = 40 అడిగేది సెకనుకి 400 డిగ్రీల వేగం. 90 డిగ్రీలకి అడిగేది 3600. చక్రి గారూ, మీ మోటార్ గరిష్ఠ వేగం ఎంత?

---

చక్రి_ల్యాబ్

షాఫ్ట్ దగ్గర నిమిషానికి 100 చుట్లు. సెకనుకి 600 డిగ్రీలు.

---

మూలాలు_చూడు

అయితే 15 డిగ్రీలు దాటిన ఏ ఎర్రర్‌కైనా డ్రైవర్ పూర్తి 12 వోల్ట్‌లే ఇస్తుంది. 90 డిగ్రీల కదలికలో మొదటి 75 డిగ్రీలు అసలు ఫీడ్‌బ్యాక్ పని చేయట్లేదు, మోటార్ ఊరికే తన శక్తి కొద్దీ పరిగెత్తుతోంది. అందుకే రైజ్ టైమ్ మూడు రెట్లయింది. ఓవర్‌షూట్ శాతం తగ్గినట్టు కనబడుతోంది గానీ డిగ్రీల్లో చూడండి: 10 లో 62 శాతం అంటే 6 డిగ్రీలు, 90 లో 22 శాతం అంటే 20 డిగ్రీలు. దాటిపోయిన దూరం మూడింతలు పెరిగింది.

ζ, ωn అనే మాటలు లీనియర్ సిస్టమ్‌కే వర్తిస్తాయి. స్టెప్ సైజు మార్చినప్పుడు ఓవర్‌షూట్ శాతం మారితే, ఆ కొలతలోంచి ζ తీయకూడదు. ఎప్పుడైనా రెండు వేర్వేరు స్టెప్‌లు ఇచ్చి శాతం ఒకటే వస్తోందో లేదో చూసుకున్నాకే లెక్కలోకి దిగండి.

---

తంత్రి

ఇప్పుడు అసలు కోరికకి వద్దాం. 0.4 సెకన్లు, 5 శాతం.

0.4 కావాలంటే పోల్స్ −10 మీదికి పోవాలి. అంటే సమీకరణం మధ్యలోని 10 కాస్తా 20 కావాలి. 5 శాతానికి ζ = 0.69 కావాలి. దాన్నిబట్టి ωn = 14.5, ωn² = 210. కాబట్టి K = 21. ఆ మధ్యలో తక్కువైన 10 ఎక్కడి నుంచి తేవాలన్నదే ప్రశ్న. తూకం గారు ఆయిల్ డ్యాంపర్ పెట్టారు. ఇక్కడ దాన్ని కూడా సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టొచ్చు: మోటార్ ఎంత వేగంగా తిరుగుతుంటే అంత వెనక్కి లాగే టర్మ్. అది శక్తిని తాగేస్తుంది.

---

వేగం99

అదే కదా పీడీ కంట్రోలర్. ఎర్రర్‌కి డెరివేటివ్ తీసి కలిపేయడమే. మధ్య టర్మ్ 20 అయిపోతుంది, ఓవర్‌షూట్ 5 వచ్చేస్తుంది.

---

తంత్రి

మధ్య టర్మ్ 20 అవుతుంది, ఓవర్‌షూట్ మాత్రం 5 రాదు. నేను ఈ గుంటలో పడి ఒక రోజంతా పోగొట్టుకున్నాను కాబట్టి వివరంగా చెప్తాను.

డెరివేటివ్‌ని ఎర్రర్ మీద తీస్తే పోల్స్ మీరు కోరిన చోటికే వస్తాయి. కానీ పైన న్యూమరేటర్‌లో ఒక జీరో కూడా వచ్చి కూర్చుంటుంది, ఈ అంకెలకి −21 దగ్గర. స్టెప్ ఇచ్చిన క్షణంలో కోరిన కోణం ఒక్కసారిగా దూకుతుంది కదా, దాని డెరివేటివ్ పెద్ద తన్ను తన్నుతుంది. ఆ తన్ను వల్ల మోటార్ ముందే ఊపందుకుని ఎక్కువ దాటిపోతుంది. ఈ కేసులో లెక్క చాలా శుభ్రంగా వస్తుంది. జీరో లేకుండా రెస్పాన్స్‌లో కొసైన్, సైన్ రెండూ ఉంటాయి. జీరో వచ్చాక సైన్ భాగం పూర్తిగా కొట్టేసి ఇది మిగులుతుంది:

`y = 1 − e^(−10t) cos(10.49t)`

దీని శిఖరం 0.227 సెకను దగ్గర, విలువ 1.075. అంటే ఓవర్‌షూట్ 7.5 శాతం. ζ అదే 0.69, పోల్స్ అవే, ఓవర్‌షూట్ మాత్రం ఒకటిన్నర రెట్లు. ζ నుంచి ఓవర్‌షూట్ తీసే సూత్రం జీరో లేని సిస్టమ్‌కి రాసింది. ఇది మర్చిపోయి గెయిన్‌లు మళ్లీ మళ్లీ మార్చుకుంటూ కూర్చుంటాం.

డెరివేటివ్‌ని ఎర్రర్ మీద కాకుండా కొలిచిన కోణం మీద తీసి వెనక్కి లాగితే, పోల్స్ అవే, జీరో ఉండదు, 5 శాతం వస్తుంది. రైజ్ టైమ్ కొంచెం పెరుగుతుంది, అది తెలిసి ఒప్పుకోవాల్సిందే.

---

వేగం99

ఇది నాకు నిజంగా తెలియదు. రెండింటికీ పోల్స్ ఒకటే కాబట్టి రెస్పాన్స్ కూడా ఒకటే అనుకున్నాను. ఇంటికి వెళ్లి సిమ్యులేట్ చేసి చూస్తాను.

---

చక్రి_ల్యాబ్

తంత్రి గారూ, మీరు చెప్పినట్టే కొలిచిన కోణం మీద డెరివేటివ్ పెట్టాను. ప్రతి మిల్లీసెకనుకీ కొత్త రీడింగ్‌లోంచి పాతది తీసేసి వేగం లెక్కిస్తున్నాను. K = 21. మోటార్ గుయ్‌మని మోగుతోంది, వేడెక్కుతోంది కూడా. కోణం మాత్రం చక్కగానే వస్తోంది, ఓవర్‌షూట్ చూద్దామంటే కర్వ్ మీదంతా ముళ్లు. మళ్లీ 1 మైక్రోఫారడ్ పెడితే మోత తగ్గుతోంది గానీ ఓవర్‌షూట్ పెరుగుతోంది.

---

మూలాలు_చూడు

మీ ఏడీసీ ఎన్ని బిట్లు? పాట్ ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది?

---

చక్రి_ల్యాబ్

10 బిట్లు. పాట్ 300 డిగ్రీలు.

---

మూలాలు_చూడు

300 ని 1024 తో భాగిస్తే ఒక్క కౌంట్ 0.29 డిగ్రీ. మిల్లీసెకనులో ఒక్క కౌంట్ అటూ ఇటూ అయితే మీ లెక్కలో వేగం సెకనుకి 293 డిగ్రీలు దూకుతుంది. మీ మోటార్ గరిష్ఠ వేగంలో దాదాపు సగం! షాఫ్ట్ కదలకుండా ఉన్నా చివరి బిట్ ఊగుతూనే ఉంటుంది కాబట్టి, మోటార్‌కి సగం వేగం ఉందనీ లేదనీ సెకనుకి వందల సార్లు చెబుతున్నట్టే. ఆ గుయ్‌మనే మోత అదే.

10 మిల్లీసెకన్ల మీద తేడా తీస్తే దూకుడు 29 కి తగ్గుతుంది. కానీ అప్పుడు వేగం సగటున 5 మిల్లీసెకన్లు పాతది అవుతుంది. ఆలస్యం ఎంత తింటుందో ఇప్పటికే చూశారు. ఇక్కడ ఉచితంగా ఏదీ రాదు. నా సలహా అయితే పాట్‌ని కోణానికే ఉంచి, మోటార్ వెనక షాఫ్ట్‌కి ఒక ఎన్‌కోడర్ తగిలించడం. గేర్‌కి ముందే కొలుస్తారు కాబట్టి అదే కదలికకి చాలా ఎక్కువ కౌంట్‌లు వస్తాయి.

---

తంత్రి

ఎన్‌కోడర్ మంచిదే, కానీ అంతకుముందు ఒకటి చూడమంటాను. డ్రైవర్ పీడబ్ల్యూఎం ఆఫ్ అయిన భాగంలో మోటార్ రెండు వైర్లూ ఒకదానికొకటి షార్ట్ అవుతున్నాయా, లేక ఓపెన్‌గా వదిలేస్తున్నాయా? షార్ట్ అయితే మోటార్ తిరుగుతూ పుట్టించే వోల్టేజ్ దానికే బ్రేక్ వేస్తుంది, అది ఉచితంగా వచ్చే డ్యాంపింగ్. ఓపెన్‌గా వదిలేస్తే ఆ బ్రేక్ ఆ సమయమంతా పోతుంది. చక్రి 0.1 సెకను కొలిచింది పూర్తి 12 వోల్ట్‌ల దగ్గర, అక్కడ ఆఫ్ సమయమే ఉండదు. చిన్న డ్యూటీ దగ్గర ఆ మధ్యలోని 10 నిజంగా 10 యేనా అని నాకు అనుమానం.

---

మూలాలు_చూడు

నేను అంతగా అనుకోను. ఓపెన్‌గా వదిలేసి ఉంటే చిన్న స్టెప్‌లో ζ లెక్కకంటే బాగా తక్కువ రావాలి. ఫిల్టర్‌ని కలిపాక మూడు గెయిన్‌ల దగ్గరా లెక్క కొలతకి సరిపోయింది. పాత ఫిల్టర్ తీసేశాక కూడా 46 వచ్చింది, 1 మిల్లీసెకను ఫిల్టర్‌తో లెక్క వేసినా 46 యే వస్తుంది.

---

తంత్రి

సరిపోయిన మాట నిజమే. కానీ ఆ స్టెప్‌లన్నీ 10 డిగ్రీలవి. అసలు పని అయ్యేది చివరి ఒకటి రెండు డిగ్రీలలో, అక్కడ డ్యూటీ ఇంకా చిన్నది. దానికితోడు బ్రష్‌ల రాపిడి కూడా ఉంటుంది. చక్రీ, 2 డిగ్రీల స్టెప్ ఇచ్చి శిఖరాలు వరసగా రాసి పెట్టు. ప్రతిదీ ముందుదానిలో ఒకే నిష్పత్తిలో తగ్గుతుంటే మూలాలు గారు చెప్పినట్టే. నిష్పత్తిలో కాకుండా ప్రతిసారీ ఒకే మొత్తం తగ్గుతూ ఠక్కున ఆగిపోతే అది పొడి రాపిడి, దానికి ζ అంటూ ఒక అంకె ఇవ్వలేం.

---

చక్రి_ల్యాబ్

డ్రైవర్ డేటాషీట్ చూశాను. రెండు పద్ధతులూ ఉన్నాయి, ఒక పిన్‌తో ఎంచుకోవాలి. నా బోర్డులో ఆ పిన్ ఎక్కడికీ కలపలేదు, గాల్లో ఉంది. రేపు దాన్ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి కట్టి, రెండింటితోనూ 2 డిగ్రీల స్టెప్ ఇచ్చి శిఖరాలు ఇక్కడ పెడతాను. అయితే 2 డిగ్రీలంటే నా ఏడీసీలో ఏడు కౌంట్లే. శిఖరాల నిష్పత్తి దాంతో నమ్మకంగా తీయగలనా?

---

తూకం

మేం ఇలాంటప్పుడు అదే స్టెప్‌ని యాభైసార్లు ఇచ్చి, మొదలైన క్షణం దగ్గర అన్నీ కలిపి సగటు తీస్తాం. ఊగుడు ప్రతిసారీ ఒకేలా వస్తే నాయిస్ తగ్గి కౌంట్ లోపలి విలువ కూడా కొంత తేలుతుంది. కాకపోతే చివరి బిట్ సహజంగా కొంచెం ఊగుతూ ఉండాలి, అది పూర్తిగా నిశ్చలంగా ఉంటే సగటు తీసినా లాభం లేదు. మీ దగ్గర బ్రష్ నాయిస్ ఉంది కాబట్టి ఈ ఒక్క పనికి చిన్న కెపాసిటర్‌తోనే కొలవండి.